మెసేజ్ రేటు ఒకటి, బిల్లు మరొకటి

నెలలో 1,200 ఎస్సెమ్మెస్‌లు పంపారు. బిల్లులో మాత్రం 2,400 అని ఉంది. ప్రొవైడర్‌కి ఫోన్ చేస్తే "బిల్లు కరెక్టేనండీ" అంటాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. మీరు లెక్క పెట్టింది మెసేజ్‌లని, అతను లెక్క పెట్టింది పార్టుల్ని, అంటే పొడవైన మెసేజ్‌ని పంపడానికి చేసే ముక్కల్ని. తేడా అంతా అక్కడే ఉంది.

చిన్న వ్యాపారాల వాళ్లు "ఎస్సెమ్మెస్ చవకా, వాట్సాప్ చవకా, యాప్ నోటిఫికేషన్ చవకా?" అని అడిగినప్పుడు మూడు రేటు కార్డులు పక్కపక్కన పెట్టుకుని చూస్తారు. ఆ మూడింటిలో "ఒక మెసేజ్" అంటే ఒకే వస్తువు కాదు. ఎస్సెమ్మెస్‌లో డబ్బు పడేది పొడవుని బట్టి. చాట్ యాప్‌లో ఆ మెసేజ్ ఏ రకం, ఎప్పుడు వెళ్లింది అన్నదాన్ని బట్టి. యాప్ పంపే పుష్ నోటిఫికేషన్‌లో మెసేజ్‌కి ఏమీ పడదు, అక్కడ ఖర్చు ఇంకోచోట కూర్చుని ఉంటుంది. అందుకే రేట్లు పోల్చే ముందు, మనం పంపే మెసేజ్‌నే కాస్త విప్పి చూడాలి.

ఉదాహరణకి ఫోన్లు రిపేర్ చేసే ఒక సెంటర్ అనుకుందాం. నెలకి 600 రిపేర్లు వస్తాయి. ఒక్కో కస్టమర్‌కి రెండు మెసేజ్‌లు వెళ్లాలి: ఫోన్ తీసుకున్నామని ఒకటి, రెడీ అయిందని మరొకటి. అంటే నెలకి 1,200. రేట్లు దేశాన్ని బట్టి, ప్రొవైడర్‌ని బట్టి మారిపోతాయి కాబట్టి డబ్బు పేరు ఎత్తకుండా, ఒక ఎస్సెమ్మెస్ పార్టు ధరని 1 యూనిట్ అనుకుని లెక్క వేద్దాం. మీ దగ్గరున్న అసలు రేట్లు ఆ యూనిట్ల స్థానంలో పెట్టుకుంటే సరిపోతుంది.

తెలుగు ఎస్సెమ్మెస్ ఎందుకు రెట్టింపవుతుంది

ఎస్సెమ్మెస్ అనేది 140 బైట్ల డబ్బా. ఇంగ్లిష్ అక్షరాలైతే ఒక్కోటి 7 బిట్లలో ఇమిడిపోతుంది కాబట్టి ఆ డబ్బాలో 160 పడతాయి. ఆ 7 బిట్ల పట్టికలో లేని గుర్తు ఒక్కటి వచ్చినా మెసేజ్ మొత్తం 16 బిట్ల పద్ధతిలోకి మారుతుంది. అప్పుడు పట్టేది 70 మాత్రమే. తెలుగు లిపి వెళ్లేది ఈ పద్ధతిలోనే.

70 దాటితే మెసేజ్‌ని ముక్కలు చేసి పంపి, అవతలి ఫోన్‌లో మళ్లీ అతికిస్తారు. అతికించడానికి ఏది ముందు, ఏది వెనక అని చెప్పే సమాచారం ప్రతి ముక్కలోనూ పెట్టాలి కదా, దానికి 6 బైట్లు పోతాయి. అందుకని ఒక్కో ముక్కలో తెలుగుకి మిగిలేది 67 గడులు (ఇంగ్లిష్‌కి 153). 71 గడుల మెసేజ్ రెండు పార్టులు, 135 గడుల మెసేజ్ మూడు పార్టులు. కస్టమర్ ఫోన్‌లో ఒకే మెసేజ్‌గా కనిపిస్తుంది, బిల్లులో మూడుగా కనిపిస్తుంది.

"గడులు" అని కావాలనే అంటున్నాను, "అక్షరాలు" అనడం లేదు. మన కంటికి కనిపించే అక్షరం వేరు, యంత్రం లెక్కపెట్టేది వేరు. "స్త్రీ" మనకి ఒక్క అక్షరం. యంత్రానికి స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం: మొత్తం 6 గడులు. "మీ ఫోన్ సిద్ధంగా ఉంది" అన్న చిన్న వాక్యం, మధ్యలో ఖాళీలతో కలిపి 21 గడులు. అంటే మూడు వాక్యాలు రాసేసరికి డబ్బా నిండిపోతుంది. "ఇంతే కదా రాశాం, రెండు పార్టులు ఎలా అయింది?" అన్న ఆశ్చర్యానికి కారణం ఒత్తులూ గుణింతాలే.

మన రిపేర్ సెంటర్ మొదట్లో పంపిన మెసేజ్ ఇది:

"నమస్తే. మీరు రిపేర్‌కి ఇచ్చిన ఫోన్ సిద్ధంగా ఉంది. సాయంత్రం 7 లోపు వచ్చి తీసుకోండి. బిల్లు నంబర్ 4821."

లెక్కపెడితే 101 గడులు. రెండు పార్టులు. అందులో ఒక గడి అసలు కంటికి కనిపించదు: "రిపేర్" తర్వాత "కి" అతుక్కుని ఒత్తుగా మారకుండా కీబోర్డు పెట్టే అదృశ్యపు విడదీత గుర్తు. దానికీ ఒక గడి పోతుంది. ఫోన్ తీసుకున్నామని చెప్పే మెసేజ్ కూడా ఇంత పొడవే అనుకుందాం. 1,200 మెసేజ్‌లు 2,400 పార్టులయ్యాయి.

ఇప్పుడు దాన్ని కత్తిరిద్దాం:

"మీ ఫోన్ సిద్ధంగా ఉంది. 7 లోపు తీసుకోండి. బిల్లు 4821"

ఇది 52 గడులు. సెంటర్ పేరు పెట్టుకోవడానికి ఇంకా 18 గడులు మిగిలాయి. కస్టమర్‌కి చెప్పాల్సినదేదీ పోలేదు, బిల్లు మాత్రం సగమైంది. రేటు తగ్గించమని ప్రొవైడర్‌తో ఎంత బేరమాడినా 50 శాతం తగ్గించడు.

ఇక్కడ ఒక చిక్కుంది. చాలామంది ఆప్యాయంగా ఉంటుందని ముందు కస్టమర్ పేరు తగిలిస్తారు. "సీత గారూ, " అని పెడితే 10 గడులు కలిసి మొత్తం 62. ఒక్క పార్టే. అదే "వెంకటేశ్వర్లు గారూ, " అని పెడితే 20 గడులు కలిసి 72. రెండు పార్టులు. పొడవు పేర్లవాళ్లకి పంపితే ఖర్చు రెట్టింపు! టెస్టింగ్‌లో మీరు చిన్న పేరుతో పంపి చూసుకుంటారు, అంతా బాగుంటుంది, నెలాఖరున బిల్లు మాత్రం ఎందుకో 1,200కీ 2,400కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది. మారే చోట్లకి (పేరు, తేదీ, లింకు) ఎప్పుడూ మీ జాబితాలోని అతి పొడవైన విలువ పెట్టి లెక్క చూడాలి.

చేత్తో లెక్కపెట్టడం కష్టం. కాస్త కోడ్ తెలిసినవాళ్లు దగ్గరుంటే ఈ మూడు లైన్లు చాలు:

```python
def parts(text):
    n = len(text.encode("utf-16-be")) // 2
    return 1 if n <= 70 else -(-n // 67)
```

ఇది తెలుగు మెసేజ్‌లకి మాత్రమే, ఇంగ్లిష్‌కి పనికిరాదు. ఎమోజీ పెడితే సాధారణంగా రెండు గడులు పడుతుంది, ఆ లెక్క కూడా ఇందులో వచ్చేస్తుంది.

ఇంగ్లిష్ అక్షరాలతో పంపేవాళ్లకి ఇంకో రకం దెబ్బ తగులుతుంది. నాకూ తగిలింది. 150 అక్షరాల మెసేజ్‌ని వర్డ్ ప్రాసెసర్‌లో టైప్ చేసి అతికించాను. అది నిటారుగా ఉండే అపాస్ట్రఫీని ముద్దుగా వంపు తిరిగిన గుర్తుగా మార్చేసింది. ఆ వంపు గుర్తు 7 బిట్ల పట్టికలో లేదు. మెసేజ్ మొత్తం 16 బిట్లలోకి దిగిపోయి, ఒక్క పార్టు కావాల్సింది మూడయింది. తెరమీద చూస్తే ఏ తేడా తెలియదు.

తెలుగుని ఇంగ్లిష్ అక్షరాల్లో రాస్తే 160 పడతాయి కదా అని కొందరు అలా పంపుతారు. లెక్క ప్రకారం అది నిజమే. కానీ చదివేవాళ్లకి అది శిక్ష, పెద్దవాళ్లకి మరీను. 70లో సరిపడేలా తెలుగు వాక్యం రాయడమే మేలని నా అభిప్రాయం. తెలుగుకి ప్రత్యేకంగా 7 బిట్ల పట్టిక ఎస్సెమ్మెస్ ప్రమాణాల్లోనే ఉంది, అది కూడా చెప్పాలి. అయితే అటు మెసేజ్ పంపే గేట్‌వే, ఇటు అందుకునే ఫోన్ రెండూ దాన్ని అర్థం చేసుకోవాలి. దాన్ని నమ్ముకుని బడ్జెట్ వేయలేం.

ఎస్సెమ్మెస్‌లో మరో విషయం: చాలా ప్రొవైడర్ల దగ్గర పంపగానే డబ్బు పడుతుంది, చేరిందా లేదా అన్నదానితో పని లేదు. మూతపడిన నంబర్లు జాబితాలో ఉంటే వాటికీ కడుతూనే ఉంటారు. డెలివరీ రిపోర్టులో వరసగా మూడుసార్లు చేరని నంబర్లని పక్కకి తీసేయడం ఒక గంట పని.

చాట్ యాప్‌లో డబ్బు పడేది గడియారాన్ని బట్టి

వాట్సాప్‌నే తీసుకుందాం. దానిలో రెండు వేర్వేరు వస్తువులున్నాయి. ఒకటి ఫోన్‌లో పెట్టుకునే వాట్సాప్ బిజినెస్ యాప్. చేత్తో పంపుకుంటే మెసేజ్‌కి ఏమీ పడదు. రెండోది సాఫ్ట్‌వేర్ ద్వారా వాటంతటవే వెళ్లే బిజినెస్ ప్లాట్‌ఫామ్, డబ్బు పడేది దీనికే. చాలామంది ఈ రెండింటినీ కలిపేసి "వాట్సాప్ ఫ్రీ కదా" అంటారు.

ప్లాట్‌ఫామ్ రేట్ల పద్ధతి చాలాసార్లు మారింది. 2022 నుంచి 24 గంటల సంభాషణకి ఒక ధర అని ఉండేది. 2025 జూలై 1 నుంచి ఆ పద్ధతి పోయి, చేరిన ప్రతి టెంప్లేట్ మెసేజ్‌కి ధర పడుతోంది. కాబట్టి అంతకు ముందు రాసిన పోలికలు ఎక్కడైనా చదివితే పక్కన పెట్టేయండి. ఆ లెక్కలు ఇప్పుడు పనిచేయవు.

టెంప్లేట్ అంటే ముందే ఆమోదం తీసుకున్న మెసేజ్ నమూనా. దానికి ఒక వర్గం ఉంటుంది: మార్కెటింగ్, యుటిలిటీ, అథెంటికేషన్. "మీ ఫోన్ రెడీ" లాంటివి యుటిలిటీ. ఆఫర్లు మార్కెటింగ్. ఓటీపీలు అథెంటికేషన్. ఒక్కో వర్గానికి ఒక్కో రేటు, అందుకునేవారి నంబరు ఏ దేశానిదో దాన్ని బట్టి. పొడవుతో పని లేదు. ఎస్సెమ్మెస్‌లో మూడు పార్టులయ్యే మెసేజ్ కూడా ఇక్కడ ఒకటే. తెలుగులో రాసేవాళ్లకి ఇది చిన్న లాభం కాదు.

అసలు కీలకం 24 గంటల కిటికీ. కస్టమర్ మీకు ఏదైనా మెసేజ్ పెట్టిన క్షణం నుంచి 24 గంటలపాటు మీరిచ్చే మామూలు జవాబులకి డబ్బు పడదు. యుటిలిటీ టెంప్లేట్ పంపినా పడదు. కస్టమర్ మళ్లీ మెసేజ్ పెడితే గడియారం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. మార్కెటింగ్ టెంప్లేట్‌కి మాత్రం ఆ కిటికీలో కూడా డబ్బు పడుతుంది.

కాబట్టి చవగ్గా నడపాలంటే మొదటి మెసేజ్ మీరు పంపకూడదు, కస్టమర్ చేత పంపించాలి. మన రిపేర్ సెంటర్ కౌంటర్ మీద ఒక క్యూఆర్ కోడ్ పెట్టింది. స్కాన్ చేస్తే బిల్లు నంబరు ముందే నింపిన మెసేజ్ తెరుచుకుంటుంది, కస్టమర్ సెండ్ నొక్కితే చాలు. 600 మందిలో 400 మంది నొక్కారనుకుందాం. వాళ్లకి "ఫోన్ తీసుకున్నాం" అన్న మెసేజ్ ఉచితం. మిగతా 200 మందికి డబ్బు పడుతుంది. "రెడీ అయింది" అన్న మెసేజ్ దగ్గర, ఆ 400లో 24 గంటల్లోపే పని పూర్తయినవి 150 అనుకుంటే అవీ ఉచితమే. మిగతా 450కి డబ్బు పడుతుంది. మొత్తం 650 చార్జీ మెసేజ్‌లు. యుటిలిటీ రేటు కూడా 1 యూనిట్ అనుకుంటే 650 యూనిట్లు.

కత్తిరించిన ఎస్సెమ్మెస్‌కి 1,200 అయింది, ఇక్కడ 650. వాట్సాప్ గెలిచినట్టే కనిపిస్తుంది. కానీ చిన్న వ్యాపారులు నేరుగా వాట్సాప్ యజమాని మెటా దగ్గర కాకుండా మధ్యలో ఒక సర్వీస్ ప్రొవైడర్ ద్వారా ఈ ప్లాట్‌ఫామ్ తీసుకుంటారు. వాళ్లు నెలవారీ ఫీజు తీసుకుంటారు, కొందరు మెసేజ్ రేటు మీద కూడా కొంత కలుపుకుంటారు. ఆ నెలవారీ ఫీజు 1,500 యూనిట్లనుకోండి. అప్పుడు మొత్తం 2,150.

ఇప్పుడు మళ్లీ చూడండి. కత్తిరించని ఎస్సెమ్మెస్ 2,400, వాట్సాప్ 2,150, కత్తిరించిన ఎస్సెమ్మెస్ 1,200. మెసేజ్ పొడవు చూసుకోనివాడికి వాట్సాప్ చవక, చూసుకున్నవాడికి ఎస్సెమ్మెస్ చవక. "మేం మారాక ఖర్చు తగ్గింది" అని ఎవరైనా చెబితే, మారకముందు వాళ్ల మెసేజ్ ఎన్ని గడులుండేదో అడగాలి.

నెలవారీ ఫీజు ఎప్పుడు గిట్టుబాటవుతుంది? కత్తిరించిన ఎస్సెమ్మెస్‌తో పోలిస్తే వాట్సాప్‌లో 600 రిపేర్లకి 550 యూనిట్లు మిగులుతున్నాయి. 1,500 మిగలాలంటే నెలకి దాదాపు 1,640 రిపేర్లు ఉండాలి. 600 దగ్గర అది దండగ. క్యూఆర్ స్కాన్ చేసేవాళ్లు పెరిగినా, పని 24 గంటల్లో పూర్తయ్యేవి పెరిగినా ఆ సంఖ్య కిందికి దిగుతుంది. కోడ్ రాసుకోగలిగినవాళ్లు మెటా వారి క్లౌడ్ ఏపీఐని నేరుగా వాడుకుంటే ప్రొవైడర్ నెలవారీ ఫీజు ఉండదు. అప్పుడు కథ మారిపోతుంది. కానీ అది ఆగిపోయిన రోజు ఎవరు బాగుచేస్తారన్నది ముందే అనుకోవాలి.

చాట్ యాప్ వైపు జనం ఎక్కువగా దెబ్బతినేది వర్గం మారిపోయినప్పుడు. "మీ ఫోన్ సిద్ధంగా ఉంది" అన్నది యుటిలిటీ. దాని చివర "కవర్ కొంటే 20 శాతం తగ్గింపు" అని ఒక్క లైను చేర్చండి, అది మార్కెటింగ్ అయిపోతుంది. మీరు యుటిలిటీ అని పెట్టినా మెటా వర్గం మార్చగలదు. మార్కెటింగ్ రేటు 5 యూనిట్లనుకుందాం. "రెడీ" టెంప్లేట్ మార్కెటింగ్ అయితే 600కీ డబ్బు పడుతుంది, ఎందుకంటే కిటికీ ఇక కాపాడదు. 600 ఐదులు 3,000, "తీసుకున్నాం" మెసేజ్‌లకి 200, కలిపి 3,200. ఒక్క లైను వల్ల 650 కాస్తా 3,200 అయింది. టెంప్లేట్ల పేజీలో ఒక్కోదాని పక్కన ఇప్పుడున్న వర్గం కనిపిస్తుంది, బిల్లు వచ్చాక కాదు, నెల మొదట్లో ఒకసారి చూసుకోవాలి.

ఇంకో తేడా: ఇక్కడ డబ్బు పడేది మెసేజ్ చేరితేనే. చేరకపోతే పడదు. అది మంచిదే, కానీ చేరనివాళ్లకి ఫోన్ రెడీ అయిందన్న సంగతి తెలియదు కదా. వాళ్లకి ఎస్సెమ్మెస్ పంపాలి. ఇక్కడ తొందరపడితే రెండు ఖర్చులు పడతాయి: వాట్సాప్ చేరలేదని పది నిమిషాలకే ఎస్సెమ్మెస్ పంపుతారు, ఫోన్ ఆఫ్‌లో ఉన్న కస్టమర్ గంట తర్వాత ఆన్ చేయగానే వాట్సాప్ కూడా చేరుతుంది. రిపేర్ రెడీ లాంటి కబురుకి మూడు నాలుగు గంటలు ఆగితే ఏమీ మునిగిపోదు. ఓటీపీ విషయంలో ఆగలేం, అది వేరే లెక్క.

ఉచిత బిజినెస్ యాప్‌తోనే నడపలేమా అంటే, నడపొచ్చు. నెలకి 1,200 అంటే రోజుకి 40. ఒక్కోటి నిమిషం అనుకుంటే రోజుకి 40 నిమిషాలు, నెలకి 20 గంటల పని. కౌంటర్‌లో కూర్చున్న మనిషికి ఎలాగూ ఖాళీ ఉంటే అది ఉచితమే. లేకపోతే ఆ 20 గంటల జీతమే మెసేజ్ ఖర్చు. ఆఫర్లు ఒకేసారి పంపడానికి బ్రాడ్‌కాస్ట్ జాబితా ఉంది కానీ ఒక్కో జాబితాలో 256 మందే పడతారు. పైగా మీ నంబరు తమ ఫోన్‌లో సేవ్ చేసుకున్నవాళ్లకే అది చేరుతుంది. 256 మందికి పంపాం అనుకుంటాం, సేవ్ చేసుకున్నవాళ్లు ముప్ఫై మందే ఉండొచ్చు. తెలిసే దారి, చేరిన టిక్కులు లెక్కపెట్టడమే.

టెలిగ్రామ్ బాట్ అయితే మామూలు వేగంతో పంపే మెసేజ్‌లకి డబ్బే అడగదు. కానీ కస్టమర్ ముందుగా బాట్‌ని స్టార్ట్ చేయాలి. మీ కస్టమర్లలో అది వాడేవాళ్లు ఎంతమందో మీకే తెలియాలి.

పుష్: సున్నా ధర, ఎవరి ఫోన్‌లో?

గూగుల్ వారి ఫైర్‌బేస్ క్లౌడ్ మెసేజింగ్, ఆపిల్ వారి పుష్ సర్వీస్ రెండూ మెసేజ్‌కి ఏమీ తీసుకోవు. పది పంపినా లక్ష పంపినా అంతే. కాబట్టి "ఒక్క మెసేజ్ ధర" అనే ప్రశ్న ఇక్కడ సరిపడదు. ఖర్చు యాప్ తయారీలో, దాన్ని ఏటా సరిచేసుకోవడంలో ఉంటుంది. ఆపిల్ డెవలపర్ సభ్యత్వం ఏడాదికి 99 డాలర్లు, గూగుల్ ప్లే ఖాతా ఒకేసారి 25 డాలర్లు. ఇవి పెద్ద లెక్కలోవి కావు. కొత్త ఫోన్ వెర్షన్లు వచ్చినప్పుడల్లా యాప్‌ని సరిచేసే మనిషి ఖర్చే అసలైంది.

మన సెంటర్‌కి యాప్ నిర్వహణ నెలకి 3,000 యూనిట్లనుకుందాం. జాబితాలో 2,000 మంది పాత కస్టమర్లున్నారు. ఫోన్ రిపేర్ అన్నది ఏడాదికో రెండేళ్లకో ఒకసారి పడే అవసరం. దానికోసం యాప్ ఎవరు ఉంచుకుంటారు? 240 మంది దించుకున్నారు, వారిలో 150 మంది నోటిఫికేషన్లకి ఒప్పుకున్నారు అనుకుంటే అదే గొప్ప. ఐఫోన్‌లో ఈ అనుమతి ఎప్పటినుంచో అడగాలి, 2022లో వచ్చిన ఆండ్రాయిడ్ 13 నుంచి ఆండ్రాయిడ్‌లోనూ అడగాల్సిందే. వారానికొకటి చొప్పున నెలకి నాలుగు పంపితే 600 నోటిఫికేషన్లు. 3,000ని 600తో భాగిస్తే ఒక్కోటి 5 యూనిట్లు పడింది. సున్నా ధర అనుకున్నది ఎస్సెమ్మెస్‌కి ఐదు రెట్లయింది.

అదే రోజూ జనం తెరిచే యాప్ అయితే, 3,000 మంది అనుమతిచ్చి ఉంటే, రోజుకొకటి పంపితే నెలకి 90,000 నోటిఫికేషన్లు. ఒక్కోటి యూనిట్‌లో ముప్ఫయ్యో వంతు. కస్టమర్ ఎంత తరచుగా మళ్లీ వస్తాడన్నదే పుష్ చవకా ఖరీదా అన్నది తేలుస్తుంది.

పైగా పంపిన సంఖ్య నమ్మదగ్గది కాదు. యాప్ తీసేసిన ఫోన్ల గుర్తింపు టోకెన్లు మీ డేటాబేస్‌లో అలాగే మిగిలిపోతాయి. ఫైర్‌బేస్ వాటికి `UNREGISTERED` అని, ఆపిల్ సర్వర్ `410` అని జవాబిస్తాయి. ఆ జవాబు వచ్చినవాటిని తొలగించకపోతే జాబితా పెరుగుతున్నట్టు కనిపిస్తుంది, చూసేవాళ్లు తగ్గుతుంటారు. ఆండ్రాయిడ్‌లో 270 రోజులపాటు కదలిక లేని టోకెన్‌ని ఫైర్‌బేస్ తానే కాలం చెల్లినదిగా లెక్కేస్తుంది.

చిన్న వ్యాపారానికి నాకు నచ్చే మధ్యేమార్గం వెబ్ పుష్. యాప్ అక్కర్లేదు, బ్రౌజర్ చాలు. రిపేర్ సెంటర్ ప్రతి బిల్లు మీద స్థితి చూసుకునే లింకు ఇస్తుంది. కస్టమర్ ఆ పేజీ తెరిచినప్పుడు "రెడీ అయితే చెప్పండి" అన్న బటన్ ఉంటుంది. అది నొక్కాకే అనుమతి అడగాలి. పేజీ తెరవగానే అడిగితే చాలామంది కాదనేస్తారు, ఒకసారి కాదన్నాక బ్రౌజర్ మళ్లీ అడగనివ్వదు. ఐఫోన్‌లో ఇది 2023లో వచ్చిన ఐఓఎస్ 16.4 నుంచి పనిచేస్తుంది, కానీ ఆ పేజీని హోమ్ స్క్రీన్ మీద చేర్చుకున్నవాళ్లకే. రిపేర్‌కి ఇచ్చిన ఫోన్‌లోనే ఆ లింకు తెరుస్తారేమో అనికూడా చూసుకోవాలి! సెంటర్‌లో పడున్న ఫోన్‌కి "మీ ఫోన్ రెడీ" అని నోటిఫికేషన్ వెళితే ఎవరికి లాభం? ఎస్సెమ్మెస్‌కైనా ఇదే తిప్పలు, అందుకే కౌంటర్‌లో రెండో నంబరు తీసుకుంటారు.

ఆఫర్ మెసేజ్ దగ్గర భాగహారం మారుతుంది

పాత కస్టమర్లు 2,000 మందికి ఆఫర్ పంపాలనుకుంటే, మెసేజ్ ధరని వచ్చిన మనుషులతో భాగించాలి. ఎస్సెమ్మెస్ 70 గడుల్లో పెడితే 2,000 యూనిట్లు, లింకూ వర్ణనా పెట్టి 135 గడులు దాటిస్తే 6,000. వాట్సాప్ మార్కెటింగ్ 5 చొప్పున అందరికీ చేరితే 10,000. కానీ అందరికీ చేరదు: ఒక మనిషికి వ్యాపారాల నుంచి వచ్చే మార్కెటింగ్ మెసేజ్‌లకి మెటా పరిమితి పెడుతుంది, దాటితే మీ మెసేజ్ `131049` అన్న ఎర్రర్‌తో తిరిగొస్తుంది, చార్జీ పడదు. 1,500 మందికి చేరితే 7,500.

రెండింటిలో వేర్వేరు కోడ్ ఇవ్వండి, కౌంటర్‌లో ఏ కోడ్ చెప్పారో రాసుకోండి. ఎస్సెమ్మెస్ కోడ్‌తో 8 మంది, వాట్సాప్ కోడ్‌తో 20 మంది వచ్చారనుకుంటే, మనిషికి 250, 375. వాట్సాప్‌లో ఎక్కువమంది వచ్చారు, కానీ ఒక్కొక్కరు ఎక్కువ ధరకి వచ్చారు. ఒక రిపేర్ మీద మిగిలేది 300 అయితే మొదటిది లాభం, రెండోది నష్టం. ఆ మిగులు 600 అయితే వాట్సాప్‌తో మొత్తం లాభం 4,500, ఎస్సెమ్మెస్‌తో 2,800. ఈ సంఖ్యలు నేను పెట్టుకున్నవే, మీవి వేరుగా వస్తాయి. భాగహారం మాత్రం ఇదే. 2,000 మందికి గుండుగుత్తగా పంపే ముందు 200 మందికి చెరో పద్ధతిలో పంపి చూస్తే పదో వంతు ఖర్చుతోనే ఒక అంచనా వస్తుంది.

నెలకి 600 రిపేర్ల సెంటర్‌కి నేనైతే ఇలా పెడతాను: కత్తిరించిన ఎస్సెమ్మెస్, ఒక్కోటి 70 గడుల్లోపు, పొడవైన పేర్లకి పేరు తీసేసి. అడిగినవాళ్లకి జవాబులు ఉచిత బిజినెస్ యాప్‌లో. బిల్లు మీద స్థితి చూసే లింకు, దానికి వెబ్ పుష్ బటన్, అది నొక్కినవాళ్లకి కూడా మొదటి నెలంతా ఎస్సెమ్మెస్ వెళ్తూనే ఉంటుంది, పుష్ నిజంగా కనిపిస్తోందో లేదో కౌంటర్‌లో అడిగి తెలుసుకునేదాకా. నెలాఖరున బిల్లులోని పార్టుల్ని పంపిన మెసేజ్‌లతో భాగించి చూస్తాను. 1 వస్తే బాగున్నట్టు. 1.3 వచ్చిందంటే ఎవరో మళ్లీ టెంప్లేట్ ముందు "నమస్తే" చేర్చారన్నమాట.